వేలంవెర్రికీ నిలిచే గిరాకీకీ తేడా కౌంటర్ దగ్గరే తెలుస్తుంది

ప్రశ్న: నా దగ్గర కొన్నేళ్లుగా దాచుకున్న డబ్బు ఉంది, సొంతంగా ఏదైనా పెట్టుకోవాలని ఉంది. మా ఫ్రెండ్స్ రెండు మూడు నెలలకోసారి కొత్త బిజినెస్ పేరు చెప్పి "ఇప్పుడు ఇదే నడుస్తోంది, ఆలస్యం చేస్తే నీకే నష్టం" అంటున్నారు. ప్రస్తుతం కళ్లకి హెడ్‌సెట్ తగిలించుకుని ఆడే వీఆర్ గేమ్ సెంటర్ పెట్టమంటున్నారు. తెలిసినవాళ్ల సెంటర్ దగ్గర నిజంగానే రోజూ క్యూ ఉంటోంది. ఇది నిలిచే గిరాకీయా, మూన్నాళ్ల ముచ్చటా అని ముందే ఎలా తెలుసుకోవాలి?

జవాబు:

ముందు నా పని ఏమిటో చెబుతాను. మూతపడిన షాపుల సామాను కొని, బాగుచేసి మళ్ళీ అమ్మడం నా వృత్తి. పదిహేనేళ్లు దాటింది. బిజినెస్‌లు మొదలయ్యేటప్పుడు అందరూ చూస్తారు. నేను చూసేది అవి ముగిసేటప్పుడు. కాబట్టి నా చూపు కాస్త నిరాశగా ఉంటుంది, అది దృష్టిలో పెట్టుకుని చదవండి.

నా గోడౌన్‌కి వచ్చే సామాను రెండు రకాలు. ఫొటోకాపీ మెషీన్ వచ్చిందనుకోండి, అందులో ఇప్పటిదాకా తీసిన కాపీల లెక్క చూపించే మీటర్ ఉంటుంది. చాలాసార్లు అది లక్షల్లో ఉంటుంది. రోలర్లు అరిగిపోయి ఉంటాయి, అద్దం మీద గీతలుంటాయి. ఆ మెషీన్ పెట్టుకున్నాయన డబ్బు ఎప్పుడో రాబట్టుకున్నాడని చూడగానే తెలుస్తుంది. రెండో రకం సామానుకి స్క్రీన్ మీద ప్లాస్టిక్ పొర కూడా ఊడదు. వీఆర్ హెడ్‌సెట్ లోపల ముఖానికి ఆనే స్పాంజ్ ఇంకా మెత్తగానే ఉంటుంది. డబ్బా, బిల్లు, వారంటీ కాగితం అన్నీ ఉంటాయి. తెచ్చినాయన ముఖం మాత్రం చూడలేం. ఈ రెండో రకం సామాను ఒకే నెలలో నలుగురి దగ్గర్నుంచి వచ్చిందంటే అది వేలంవెర్రి అని నాకు తెలిసిపోతుంది. కానీ అప్పటికి ఆలస్యమైపోయి ఉంటుంది. మీకు కావలసింది అంతకు ఏడెనిమిది నెలల ముందు తెలుసుకోవడం.

అది సాధ్యమే. చూడాల్సింది క్యూ పొడవు కాదు, ఆ క్యూలో రెండోసారి, మూడోసారి వచ్చినవాళ్లు ఎంతమంది అన్నది. ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. కొత్త సరుకు మార్కెట్‌లో చివరికి ఎక్కడ నిలుస్తుందో లెక్కగట్టే పద్ధతిని 1968లోనే పార్ఫిట్, కాలిన్స్ అనే మార్కెట్ పరిశోధకులు ప్రచురించారు. అందులో ప్రధానంగా కనిపించేవి రెండు: మొత్తం మీద ఎంతమంది ఒక్కసారైనా కొంటారు, అలా కొన్నవాళ్లు తర్వాత ఎంతగా తిరిగి అదే కొంటారు. మొదటిది ఎంత పెద్దదైనా రెండోది సున్నాకి దగ్గరైతే చివర మిగిలేదీ సున్నాకి దగ్గరే.

చిక్కేమిటంటే షాపు కొత్తగా ఉన్నప్పుడు ఈ రెండూ కలిసిపోయి ఒకే అంకెగా కనిపిస్తాయి. ఓనర్ చెప్పేది ఆ ఒక్క అంకే, మీ ఫ్రెండ్స్ చూసేదీ అదే. దీన్ని విడదీసి చూపిస్తాను.

మూడేళ్ల కిందట ఒకాయన సెకండ్ హ్యాండ్ వీఆర్ హెడ్‌సెట్ల కోసం నా దగ్గరికి వచ్చాడు. పరిస్థితి అచ్చం మీలాంటిదే. ఆయన బంధువు ఒకరు అప్పటికే సెంటర్ నడుపుతున్నారు, తెరిచి ఎనిమిది వారాలైంది. బుకింగ్ ఫోన్ నంబర్ మీదే జరుగుతుంది కాబట్టి ఎవరు ఎన్నిసార్లు వచ్చారో మొత్తం రికార్డయి ఉంది. కానీ ఓనర్ ఎప్పుడూ ఆ కోణంలో చూడలేదు. రోజు కలెక్షన్ చూసుకోవడంతో సరిపోయేది. నేను ఆయనకి ఒక్కటే చెప్పాను: "హెడ్‌సెట్లు ఎక్కడికీ పోవు. ముందు ఆ బుకింగ్ లిస్టు తీసుకుని రండి."

లిస్టు వచ్చింది. మొదటి వారం 180 మంది. తర్వాత వరసగా 250, 320, 360, 380, 390, 400, ఎనిమిదో వారం 420. చూడటానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి. ఒక్క వారం కూడా తగ్గలేదు. సెంటర్ ఖర్చులన్నీ వెళ్లాలంటే వారానికి 250 మంది చాలు. ఈ వరుస చూసి ఎవరైనా ఇంకో సెంటర్ పెట్టాలనే అనుకుంటారు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ప్రతి వారం పక్కనా రెండో అంకె రాశాం, అంతకుముందు వచ్చిన నంబర్లే మళ్ళీ ఎన్ని వచ్చాయో. మొదటి వారం ఎలాగూ సున్నా. తర్వాత 10, 30, 40, 50, 50, 60, 60. అంతే. ఎనిమిదో వారం వచ్చిన 420 మందిలో 360 మంది ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. నాలుగో వారం మొదలయ్యేసరికి ఒక్కసారైనా ఆడి వెళ్లినవాళ్లు 710 మంది. వాళ్లలోంచి ఆ వారం తిరిగొచ్చింది 40. ఎనిమిదో వారం మొదలయ్యేసరికి ఆడి వెళ్లినవాళ్లు 2,040. తిరిగొచ్చింది 60. అంటే రుచి చూసినవాళ్లు దాదాపు మూడింతలయ్యారు, మళ్ళీ వచ్చినవాళ్లు మాత్రం ఒకటిన్నర రెట్లే. నిలిచే గిరాకీ ఉన్న వ్యాపారంలో ఈ రెండూ ఇంచుమించు కలిసి పెరగాలి. ఎందుకంటే వచ్చిన ప్రతి కొత్త మనిషీ కొద్దిగానైనా పాత కస్టమర్ల లెక్కకి కలుస్తూ పోవాలి. ఇక్కడ బిందెలో పోస్తున్న నీళ్లు పెరుగుతున్నాయి కానీ బిందె నిండటం లేదు. కింద చిల్లి ఉంది.

ఇంకో రకంగానూ చూశాం. రెండో వారం కొత్తగా వచ్చిన 240 మందిని విడిగా తీసి, తర్వాతి ఆరు వారాల్లో వాళ్లేం చేశారో వెతికాం. 36 మంది రెండోసారి వచ్చారు. మూడోసారి వచ్చింది ఐదుగురు. నన్నడిగితే ఒక్క అంకే చూడాల్సి వస్తే ఆ మూడోసారి అంకె చూస్తాను. రెండోసారి ఊరికే కూడా వస్తారు. మొదటిసారి బాగా కుదరలేదనో, ఇంట్లోవాళ్లకి చూపించాలనో, చుట్టాలొచ్చారనో. మూడోసారి సొంత డబ్బు పెట్టి వచ్చాడంటే అది అతని అలవాట్లలో చేరడం మొదలైందన్నమాట.

మరి కొత్తవాళ్లు వస్తూనే ఉంటే నష్టమేంటి అని ఆయన అడిగాడు. మంచి ప్రశ్నే. కొత్తవాళ్లు ఎక్కడినుంచి వస్తారో చూడండి. ఆ సెంటర్‌కి వచ్చేవాళ్లు ఎక్కువగా అరగంట ప్రయాణ దూరంలో ఉన్న కుర్రకారే. అంత దూరంలో ఇలాంటిదానికి డబ్బు పెట్టే వయసూ వీలూ ఉన్నవాళ్లు మహా అయితే 6,000 మంది అని ఓనరే లెక్కేశాడు. ఎనిమిది వారాల్లో 2,400 మంది అయిపోయారు. మిగిలింది 3,600. వారానికి 360 చొప్పున పది వారాలు. అదీ చివరి మనిషి దాకా అందరూ వస్తే. పైగా బాగా ఉత్సాహం ఉన్నవాళ్లు ముందే వచ్చేసి ఉంటారు, మిగిలినవాళ్లు బతిమాలితే వచ్చే రకం.

ఇక మీ ఫ్రెండ్స్‌లాంటి ఫ్రెండ్స్ ఆ చుట్టుపక్కల ఇంకా చాలామందికి ఉంటారు కదా. ఈ క్యూ చూసి ఇంకో ఇద్దరు సెంటర్లు తెరిస్తే ఆ 3,600 మందినే ముగ్గురూ పంచుకోవాలి. పది వారాల సరుకు నాలుగు వారాల్లోపే ఖాళీ. అప్పుడు మిగిలేది తిరిగొచ్చే ఆ అరవై మందే, వాళ్లూ మూడు చోట్లకి చీలతారు. ఖర్చులకి కావలసింది 250.

ఆయన పెట్టలేదు. వేరేవాళ్లు ఇద్దరు పెట్టారు. పద్నాలుగో వారానికి ఆ బంధువు సెంటర్‌కి వచ్చింది మొత్తం 135 మంది, అందులో కొత్తవాళ్లు 90. ఏడో నెలలో ఆ హెడ్‌సెట్లు నా గోడౌన్‌కి వచ్చాయి. స్పాంజ్ మెత్తగానే ఉంది.

ఇదే 420 మంది వేరే షాపులో ఎలా ఉండొచ్చో పోల్చి చూడండి. 120 మంది కొత్తవాళ్లు, 300 మంది పాతవాళ్లు అనుకుందాం. బయటనుంచి చూస్తే అదే క్యూ. కానీ రేపటినుంచి ఒక్క కొత్త మనిషీ రాకపోయినా ఈ షాపు 250 గీత పైనే ఉంటుంది. నిజానికి ఇలాంటి షాపు మొదట్లో డల్‌గా కనిపిస్తుంది. ఎవరూ వీడియోలు తీయరు. మీ ఫ్రెండ్స్ దాని పేరు మీ దగ్గర ఎప్పటికీ ఎత్తరు.

వీఆర్ మీద నాకు పగేమీ లేదు. ఇది చిన్నవాళ్లు చిన్నగా నడపడం వల్ల వచ్చిన సమస్య కూడా కాదు. ఐమాక్స్ అంతటి సంస్థ 2017 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో తన మొదటి వీఆర్ సెంటర్ తెరిచింది, ఆ తర్వాత ఇంకొన్ని చోట్ల పెట్టి చూసింది. 2018 డిసెంబర్ వచ్చేసరికి మిగిలినవాటిని కూడా మూసేస్తున్నట్టు ప్రకటించింది. పేరుకీ డబ్బుకీ కొదవలేనివాళ్లకే తప్పలేదు. అలాగని వీఆర్ సెంటర్లన్నీ పోతాయనీ అనను. ఆటలు తరచూ మారుస్తూ, జట్లుగా వచ్చి పోటీలు పడేలా నడుపుతూ, పాత కస్టమర్లు పెరిగే సెంటర్ ఉండొచ్చు. అలాంటిదైతే ఆ రెండో వరుస అంకెల్లోనే కనిపిస్తుంది.

ఇప్పుడు మీరు ఏం చేయాలో చెబుతాను. తెలిసినవాళ్ల సెంటర్ అన్నారు కాబట్టి బుకింగ్ లిస్టు అడగండి. కలెక్షన్ ఎంతో అడక్కండి, అది చెప్పడానికి ఎవరికైనా ఇబ్బందే. పేర్లు కూడా అక్కర్లేదు, ఏ నంబర్ ఎన్నిసార్లు వచ్చిందో చాలు. ఇవ్వకపోతే ఒక వారం రోజులు కౌంటర్ పక్కన కూర్చుంటానని అడగండి. వచ్చిన ప్రతివాళ్లనీ "ఇంతకుముందు వచ్చారా?" అని ఒక్క మాట అడిగి గీతలు పెట్టుకోండి. శనాదివారాలు మాత్రమే కూర్చుంటే తప్పుడు లెక్క వస్తుంది, సెలవు రోజుల్లో కొత్తవాళ్లే ఎక్కువ. మంగళవారం మధ్యాహ్నం ఎవరు వస్తున్నారో చూడండి. ఇక తాను ఆడకుండా ఫ్రెండ్స్‌ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు కొందరుంటారు. వాళ్లని పాత కస్టమర్ల లెక్కలో వేయకండి. వాళ్లు మీకు ప్రచారం చేస్తున్నారు, డబ్బు కట్టడం లేదు.

అంతకంటే ముందు ఇంట్లో కూర్చునే చేయగలిగిన పని ఇంకోటుంది. మీకు చెబుతున్న ఫ్రెండ్స్‌నే అడగండి. "ఇప్పటిదాకా నువ్వు సొంత డబ్బుతో ఎన్నిసార్లు వెళ్లావురా? మళ్ళీ ఎప్పుడు వెళ్తావు?" అని. ఐదుగురిలో నలుగురు "ఒకసారి వెళ్లా, సూపర్‌గా ఉంది" అంటారు. మీరు వెతుకుతున్న కస్టమర్లు అచ్చం వాళ్లే కదా. వాళ్లే రెండోసారి వెళ్లని చోటికి ఊళ్లోవాళ్లు వెళ్తారని వాళ్లు మీకు చెబుతున్నారన్నమాట. దీనివల్ల వాళ్లకి కోపం రాదు, కాసేపు నవ్వుకుంటారు, ఆ తర్వాత ఒత్తిడి కూడా కాస్త తగ్గుతుంది. నేను చూసినంతలో స్నేహితులు చెడు కోరి చెప్పరు. వాళ్లకి కనిపించేది క్యూ ఒక్కటే.

ఈ లెక్కకి ఒక హద్దు ఉంది. రోజూ, వారానికోసారి, నెలకోసారి అవసరమయ్యేవాటికే ఇది సూటిగా పనికొస్తుంది. పరుపులో, సైకిలో అమ్మే షాపులో ఎనిమిది వారాల్లో ఎవరూ తిరిగిరారు, అంతమాత్రాన అది వేలంవెర్రి కాదు. ఇలాంటి సరుకుకి నేను వేరే ప్రశ్న వేస్తాను: ఇది లేనప్పుడు ఈ మనిషి ఆ పని ఎలా చేసుకునేవాడు? సైకిల్ లేకపోతే నడవాలి. 2017లో వేళ్ల మధ్య గిర్రున తిప్పే ఫిడ్జెట్ స్పిన్నర్ కొన్న పిల్లాడు అంతకుముందు దాని బదులు ఏం వాడేవాడు? ఏమీ లేదు. ఏ పనికీ బదులు రాని వస్తువు పోయినా ఎవరికీ ఏ పనీ ఆగదు. ఆ బొమ్మ ఒక్క వేసవిలో వచ్చి వెళ్లిపోయింది.

సైకిల్ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. 1890లలో అమెరికా, యూరప్‌లలో సైకిల్ పిచ్చి పట్టుకుంది. ఫ్యాక్టరీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఆ దశాబ్దం చివరికి సరుకు ఎక్కువై, ధరలు పడి, చాలామంది తయారీదార్లు మునిగిపోయారు. సైకిల్ మాత్రం పోలేదు, నేటికీ ఉంది. అంటే గిరాకీ నిలిచేదే అయినా దాని మీద పొంగిన వెర్రిని చూసి లెక్కలేసుకున్నవాడు నష్టపోయాడు. కాబట్టి "ఇది పోయేదా, ఉండేదా" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఉంటే ఎంత ఉంటుంది, ఆ మిగిలిన కాస్తకి నా ఖర్చులు వెళ్తాయా అన్నది కూడా చూసుకోవాలి. పైన చెప్పిన సెంటర్ వారానికి 30 మందితో గట్టెక్కేదైతే పద్నాలుగో వారంలో తిరిగొచ్చిన ఆ 45 మందితో కూడా నడిచేది.

గూగుల్ ట్రెండ్స్ చూడొచ్చా అని తప్పక అడుగుతారు. చూడండి, కానీ జాగ్రత్త. అందులో కనిపించే 100 అంటే వంద మందో వంద శాతమో కాదు. మీరు ఎంచుకున్న కాలంలో ఆ మాట వెతుకులాట ఎప్పుడు గరిష్ఠంగా ఉందో దానికి 100 ఇచ్చి, మిగతా అంతా దానితో పోల్చి చూపిస్తుంది. మూడు నెలలే ఎంచుకుంటే చిన్న గుట్ట కూడా కొండలా కనిపిస్తుంది. ఐదేళ్లు ఎంచుకోండి. దానికంటే ముఖ్యంగా, జనం ఏ మాటతో వెతుకుతున్నారో చూడండి. "ఎలా మొదలుపెట్టాలి", "ఫ్రాంచైజీ", "లాభం ఎంత" లాంటి మాటలతో వెతుకులాట ఎక్కువగా ఉంటే అక్కడ గుమిగూడింది కస్టమర్లు కాదు, మీలాంటివాళ్లే. "రిపేర్", "స్పేర్ పార్ట్స్", "టైమింగ్స్" అని వెతికేవాళ్లు వాడుతున్నవాళ్లు. వెర్రి నడిచేటప్పుడు గట్టి లాభం ఎక్కువగా మెషీన్లు అమ్మేవాళ్లకీ ఫ్రాంచైజీ ఇచ్చేవాళ్లకీ వెళ్తుంది. వాళ్ల అమ్మకాల అంకెలు చూపించి "మార్కెట్ ఎంత పెరుగుతోందో చూడు" అని ఎవరైనా అంటే, అవి కొత్తగా దిగినవాళ్ల సంఖ్య మాత్రమేనని గుర్తుపెట్టుకోండి.

నేనూ ఒకప్పుడు అలాంటి అంకెలే నమ్మాను. ఈ వృత్తిలోకి రాకముందు ఒక ఫ్రాంచైజీ తీసుకున్నాను, అదేంటో చెప్పను, ఇప్పటికీ సిగ్గే. ఎన్ని కొత్త షాపులు తెరుస్తున్నారో చూపించే చార్ట్ ఒకటి వాళ్ల ఆఫీసు గోడ మీద ఉండేది. ఎన్ని మూతపడ్డాయో ఆ చార్ట్‌లో లేదు, నాకూ అడగాలని తోచలేదు. పదకొండో నెలలో సామాను అమ్మడానికి వెళ్లినచోట నాలాంటి సామాన్లే గుట్టగా కనిపించాయి. ఈ వ్యాపారం అక్కడే నేర్చుకున్నాను.

ఇవన్నీ చూశాక కూడా ఇది కొన్నాళ్ల మోజే అనిపించి, ఆ కొన్నాళ్లలోనే సంపాదించుకుందామనుకుంటే అది తప్పేం కాదు. చేసేవాళ్లున్నారు. అప్పుడు మెషీన్లు కొనకండి, అద్దెకు తీసుకోండి. గది ఏళ్ల తరబడి ఒప్పందం మీద తీసుకోకండి, నెలల మీద మాట్లాడుకోండి. మీ చుట్టుపక్కల ఇంకా రుచి చూడనివాళ్లు ఎన్ని వారాలకి సరిపోతారో లెక్కేసి, అందులో సగం వారాల్లోనే పెట్టిన డబ్బు తిరిగొచ్చేలా ఉంటేనే దిగండి. రెండో సగం పోటీదార్లు తినేస్తారు. ఇంకా పెట్టకముందే నాలాంటివాడికి ఫోన్ చేసి, ఆరు నెలలు వాడిన ఆ సామానుకి ఎంత ఇస్తారో అడగండి. "వద్దండీ, ఇప్పటికే చాలా ఉన్నాయి" అన్నాడంటే మీకు కావలసిన కబురు దొరికినట్టే.

ఆ సెంటర్ తెరిచి ఎన్ని వారాలైందో మీరు రాయలేదు. నాలుగు వారాలు కూడా కాకపోతే పాతవాళ్ల లెక్క ఇంకా ఏమీ చెప్పదు, ఇంకో నెల ఆగండి. దాటితే లిస్టు తెచ్చుకుని వారంవారం రెండు వరుసలూ ఇక్కడ పెట్టండి. చూసి చెబుతాను.